బావిలో నీళ్ల ఎత్తు

సెప్టెంబరు 5 దగ్గరపడిందంటే చదువు చెప్పినవాళ్లందరూ మనసులో మెదులుతారు. 1962 నుంచీ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈసారి నాకు మా సైన్సు సారు గురించి రాయాలనిపించింది. ఆయన గుణగణాల కంటే ఆయన చెప్పిన ఒకే ఒక్క పాఠాన్ని పూసగుచ్చినట్టు రాయాలన్నది నా కోరిక. భూగర్భజలాల పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆ పనిలో నేను రోజూ చేసేది ఆ పాఠంలో చేసిందే.

ఎనభైల మొదట్లో, అనంతపురం జిల్లాలో మాదొక చిన్న పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. వేరుశనగ వానకు వదిలేసి, బావి కింద ఉన్న ఎకరా రెండెకరాల్లో వరో కూరగాయలో పెట్టుకునేవాళ్లం. ఆ ఏడు ఊరి పైభాగాన గట్టు పక్కనున్న బావిని దాని రైతు పూడిక తీయించి మరింత లోతు చేశాడు. రెండు నెలలకు కింద వంక ఒడ్డునున్న బావిలో ఊట తగ్గింది. పైవాడు తన నీళ్లు గుంజుకుంటున్నాడని వంక బావి రైతు రచ్చబండ దగ్గర గొడవకు దిగాడు. రెండిళ్ల పిల్లలూ మా ఎనిమిదో తరగతిలోనే ఉన్నారు. ఆ తగాదా తరగతి గదిలోకీ వచ్చింది. సారు ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగిన మాట ఒక్కటే.

"ఒరేయ్, భూమిలో నీళ్లు యాటికి పోతాండాయో మీలో ఎవరికన్నా తెలుసునా?"

ఎవరికీ తెలియదు. "అయితే ఆదివారం పొద్దున్నే వచ్చేయండ్రా, చూసొద్దాం" అన్నారు.

మూడు బావులు ఎంచుకున్నాం. గట్టు బావి, గుడి బావి, వంక బావి. సారు దగ్గర తాపీమేస్త్రీని అడిగి తెచ్చిన పొడవాటి కొలతల టేపు ఉంది. దాని చివర ఒక చిన్న ఇనుప ముక్క కట్టారు. బల్ల మీది సుద్దముక్కతో టేపు కింది భాగం ఒక మీటరుకు పైగా తెల్లగా పూశారు. ఎందుకో మాకు అర్థం కాలేదు. గట్టు బావి ఒర మీద ఒక చోట ఇటుక ముక్కతో గీత గీసి, కొలత ఎప్పుడూ ఆ గీత దగ్గరే తీయాలన్నారు. టేపును నిదానంగా దింపి, పది మీటర్ల గుర్తు సరిగ్గా ఆ గీత మీదికి వచ్చేలా పట్టుకున్నారు. పైకి లాగి చూస్తే సుద్ద సరిగ్గా ఒక మీటరు దాకా తడిసి రంగు మారింది. పదిలోంచి ఒకటి తీసేస్తే నీళ్లు తొమ్మిది మీటర్ల లోతున ఉన్నట్టు. బావిలోకి వంగి నీళ్లు ఎక్కడ తగిలాయా అని కళ్లు చిట్లించుకోనక్కర్లేదు, తడిసిన సుద్దే చెప్పేస్తుంది. ఈ పద్ధతిని భూగర్భజలాలవాళ్లు ఇప్పటికీ వాడతారు. పరికరాలు ఎన్ని వచ్చినా, వాటి మీద అనుమానం వస్తే సరిచూసుకోవడానికి సుద్ద పూసిన స్టీలు టేపే దిక్కు.

ప్రతి బావిలోనూ రెండుసార్లు కొలిపించారు. రెండు కొలతల మధ్య తేడా వేలి వెడల్పు దాటకూడదు. దాటిందంటే టేపు పక్కగోడకు తగిలి తడిసి ఉండాలి, లేదా ఎవరో అప్పుడే నీళ్లు తోడి ఉండాలి, అందువల్ల మట్టం ఇంకా పైకి వస్తూ ఉండాలి. మొదటి కారణమైతే ఇంకోసారి కొలిస్తే సరిపోతుంది. రెండోదైతే ఆ రోజు ఆ బావిని వదిలేయాలి.

మూడు కొలతలూ సారు నోటుబుక్కులో పడ్డాయి. గట్టు బావిలో 9.0 మీటర్లు, గుడి బావిలో 6.1, వంక బావిలో 6.0. మేం వెంటనే తీర్పు చెప్పేశాం. గట్టు బావిలో నీళ్లు అన్నిటికంటే కిందున్నాయి, కాబట్టి మిగతా బావుల నీళ్లు అటే దిగుతున్నాయి, వంక బావి రైతు చెప్పిందే నిజం అని. గట్టు బావి వాళ్ల పిల్లాడు తల దించుకున్నాడు.

సారు ఏమీ అనలేదు. "బావి ఒరలు మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయా?" అని మాత్రం అడిగారు.

మిగతా రోజంతా దానికే సరిపోయింది. ఇళ్లు కట్టేవాళ్లు పునాది మట్టం చూసుకోవడానికి నీళ్లు నింపిన గొట్టం వాడతారు కదా, అదే మాకు సర్వే పరికరమైంది. గొట్టం రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఒక కొస దగ్గర ఒకడు, రెండో కొస దగ్గర ఇంకొకడు స్కేలు నిలువుగా పట్టుకుని నేల నుంచి నీటి గీత ఎంత ఎత్తున ఉందో చదవాలి. రెండు అంకెల మధ్య తేడాయే ఆ రెండు చోట్ల నేల ఎత్తులో తేడా. అలా గొట్టం పొడవు చొప్పున అంచెలంచెలుగా బడి గడప నుంచి ఒక్కో బావి దాకా వెళ్లాం. గొట్టంలో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుందని ప్రతి అంచెకూ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడమన్నారు. వెళ్లిన దారినే కొలుచుకుంటూ తిరిగి బడికి రావాలి. వచ్చాక లెక్క మొదలుపెట్టిన అంకెకే చేరాలి. ఎంత తేడా వచ్చిందో అదే మన కొలతలో ఉన్న తప్పు.

బడి గడపను వంద మీటర్లు అనుకున్నాం. అది ఊహ అంకె, సముద్రమట్టంతో దానికి సంబంధం లేదు. ఆ లెక్కన గట్టు బావి ఒర 103.2, గుడి బావి ఒర 99.5, వంక బావి ఒర 97.0 వచ్చాయి. ఇప్పుడు ఒక్కో ఒర ఎత్తులోంచి ఆ బావిలో నీళ్ల లోతు తీసేయమన్నారు. గట్టు బావిలో నీళ్లు 94.2 ఎత్తున ఉన్నాయి. గుడి బావిలో 93.4. వంక బావిలో 91.0.

బోర్డు మీద ఆ మూడంకెలు చూశాక గదంతా గోలగోల. అన్నిటికంటే లోతుగా కనిపించిన గట్టు బావి నీళ్లే నిజానికి అన్నిటికంటే ఎత్తున ఉన్నాయి. గుడి బావిలోనూ వంక బావిలోనూ ఇంచుమించు ఒకే లోతు అనుకున్నాం, కానీ వాటి నీటి మట్టాల మధ్య రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల తేడా ఉంది. నీళ్లకు మన ఒరలతో పని లేదు. భూమి లోపల తాము ఏ ఎత్తున ఉన్నాయి, పక్కన ఏ ఎత్తున ఉన్నాయి అన్నదాన్ని బట్టే కదులుతాయి. ఇంత చిన్న విషయం తెలియకపోవడం వల్ల ఎన్ని ఊళ్లలో ఎన్ని తగాదాలు పెరిగాయో ఉద్యోగంలో చేరాక కళ్లారా చూశాను.

తర్వాతి మెట్టు దిక్కు కనుక్కోవడం. అప్పటికింకా కరణాలు ఉన్నారు, 1984లో కదా ఆ పద్ధతి రద్దయింది. కరణంగారి దగ్గర ఊరి పటం అడిగి, సారు దాన్నొక కాగితం మీదికి దించుకొచ్చారు. దాని మీద మూడు బావులకు మూడు చుక్కలు. గట్టు బావి నుంచి వంక బావికి 400 మీటర్లు. గట్టు బావి నుంచి గుడి బావికి 270. గుడి బావి నుంచి వంక బావికి 300. మూడూ కలిపితే త్రిభుజం.

గట్టు బావి 94.2, వంక బావి 91.0. ఆ నాలుగు వందల మీటర్ల గీత మీద మట్టం 3.2 మీటర్లు దిగుతోంది. ఆ గీతను నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కో భాగానికి 0.8 దిగుడు. అంటే గట్టు బావి నుంచి వంద మీటర్లు రాగానే మట్టం 93.4 కావాలి. గుడి బావి మట్టమూ 93.4 కదా. ఆ రెండు చోట్లనూ కలుపుతూ స్కేలుతో గీత గీయించారు. ఆ గీత పొడుగునా నీటి మట్టం ఒకటే. ఒకే మట్టం ఉన్నచోట నీళ్లు ఆ గీత వెంబడి నడవవు, దాన్ని అడ్డంగా దాటి దిగువకు పోతాయి. కాబట్టి ఆ గీతకు లంబంగా, దిగువ వైపు ఒక బాణం వేయాలి. మేం వేసిన బాణమే మా ఊరి భూగర్భజలం నడిచే దిక్కు.

అదే బాణాన్ని గట్టు బావి నుంచి మొదలుపెట్టి గీసుకుంటూ వెళ్తే అది వంక బావి మీదికి రాలేదు. దానికి దాదాపు నూట యాభై మీటర్లు పక్కనుంచి చెరువు వైపు పోయింది. గట్టు బావి వంక బావి నీళ్లను వెనక్కి లాక్కునే వీలే లేదు, ఎందుకంటే అది ఎగువన ఉంది. పైనుంచి దిగే నీళ్లలో కొంత మధ్యలో పట్టుకోగలదు. అయినా అక్కడ పట్టుకున్న నీళ్లలో ఎక్కువ భాగం వంక బావికి చేరే దారిలో ఉన్నవి కావు. రెండిళ్ల పిల్లలకూ చెరో కాగితం మీద ఈ బొమ్మ గీసిచ్చి, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించమన్నారు. "బాణం దిక్కు చెప్తుంది. ఎన్ని నీళ్లో చెప్పదు. ఆ మాట కూడా చెప్పండ్రా" అని మరీ చెప్పి పంపారు.

పాఠం అక్కడితో ఆగిపోయి ఉంటే అది నాకు మంచి జ్ఞాపకంగా మిగిలేది. నన్ను ఈ వృత్తిలోకి లాగింది ఆ తర్వాత జరిగింది.

ఆ గీతకు సమాంతరంగా మిగతా భాగాల గుండా కూడా గీతలు గీయించారు. 92.6, 91.8 అలా. తర్వాత పటం మీద, మేం ఇంతవరకూ కొలవని ఒక బావిని చూపించి, "ఇందులో నీళ్లెంత లోతుంటాయో ఇప్పుడే రాయండి, తర్వాత పోయి చూద్దాం" అన్నారు. ఆ బావి 92.6 గీతకూ 91.8 గీతకూ సరిగ్గా మధ్యలో ఉంది. మట్టం 92.2 అనుకున్నాం. దాని ఒర ఎత్తు గొట్టంతో కొలిస్తే 98.9. తీసివేస్తే 6.7 మీటర్లు. రాసి సంతకాలు పెట్టాక టేపు దింపాం. 6.9 వచ్చింది. ఒక మనిషి ఎన్నడూ తొంగిచూడని బావిలో నీళ్లు ఎక్కడున్నాయో కాగితం మీద లెక్క కట్టి జానెడు తేడాతో చెప్పగలగడం నాకు ఆ వయసులో నమ్మశక్యం కాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదో బావి దగ్గర లెక్క తప్పింది. 7.5 ఉంటుందని రాస్తే 10.4 వచ్చింది. మూడు మీటర్ల తేడా. కొందరు గీతలే తప్పన్నారు, కొందరు టేపు జారిందన్నారు. రెండోసారి కొలిచినా అంతే. సారు బావి చుట్టూ నడిచి, ఇంజను దిమ్మె మీద కారిన నూనె ఇంకా తడిగా ఉండటం చూపించారు. ముందు రోజు సాయంత్రం దాకా ఆయిల్ ఇంజను నడిచింది. బావి ఇంకా తేరుకోలేదు. మర్నాడు పొద్దున 8.8 ఉంది, మూడోనాడు 7.8. మా అంకె మెల్లగా నిజమవుతోంది. నల్లరేగడి, గ్రానైటు నేలల్లో పెద్ద బావి ఊరి నిండటానికి ఒకటి రెండు రోజులు పట్టడం మామూలే. ఎంత త్వరగా ఊరుతోందో చూస్తే ఆ బావి ఊట బలమూ తెలుస్తుంది. మా లెక్కకు అడ్డొచ్చిందనుకున్న కొలత ఆ బావి గురించి ఇంకో సంగతి చెప్పింది.

ముందు చెప్పు, తర్వాత కొలువు, తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతుకు. ఆ రోజుల్లో సారు ఈ మూడు మాటలనూ విడివిడిగా అనలేదు, చేసి చూపించారు.

నేను భూగర్భశాస్త్రం చదవడానికి వెళ్లాక హెన్రీ డార్సీ పేరు విన్నాను. ఫ్రాన్సులోని డిజాన్ పట్టణానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజినీరు ఆయన. ఇసుక నింపిన గొట్టాల్లోంచి నీళ్లు పంపి, రెండు కొసల మట్టాల తేడా ఎంత పెరిగితే అంత ఎక్కువ నీళ్లు ప్రవహిస్తాయనీ, దారి ఎంత పొడుగైతే అంత తగ్గుతాయనీ 1856లో అచ్చువేశాడు. క్లాసులో ఆ సూత్రం బోర్డు మీద పడగానే నాకు మా ఊరి పటం గుర్తొచ్చింది. తోటివాళ్లకు అది కొత్త సమీకరణం. నాకు గట్టు బావికీ వంక బావికీ మధ్యనున్న నాలుగు వందల మీటర్లు.

ఈ పాఠం పనిలో ఎలా ఉపయోగపడుతుందో ఒక సంగతి చెప్తాను. ఊరి పేరు అవసరం లేదు. గ్రానైటు నేల మీది ఊరు. ఊరికి పడమట మంచినీళ్ల బోరు, దాని పక్కన ఓవర్‌హెడ్ ట్యాంకు. ఆ నీళ్లలో నైట్రేట్ లీటరుకు 110 మిల్లీగ్రాములు తేలింది. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం 45 దాటకూడదు. దాటితే ముఖ్యంగా డబ్బా పాలు కలిపి పట్టే పసిపిల్లలకు ప్రమాదం. రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. నైట్రేట్ కాచితే పోదు, నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఊళ్లో అందరి వేలూ బోరుకు పడమటనున్న టమాటా తోటల వైపే చూపింది. యూరియా గుమ్మరిస్తున్నారు, అదే దిగుతోందని. వినడానికి నమ్మేలా ఉంది. పొలాలు బోరు పక్కనే ఉన్నాయి కూడా. పక్కన ఉండటం వేరు, ఎగువన ఉండటం వేరు.

రాత్రంతా మోటారు ఆపించి, తెల్లవారుజామున కరెంటు రాకముందే మట్టాలు కొలిచాం. ఇప్పుడు టేపు చివర చిన్న ముల్లు ఉంటుంది, నీళ్లు తగలగానే పైన బజరు మోగుతుంది. బోర్ల నోళ్ల ఎత్తులు లెవెలింగ్ పరికరంతో తీసుకున్నాం. ఈ మాట కాస్త గట్టిగా చెప్పాలి. ఫోన్లో కనిపించే ఎత్తుతో ఈ పని చేయకూడదు. ఆ అంకె కొన్ని మీటర్లు అటో ఇటో ఉండవచ్చు, ఇక్కడ మనం వెతికే తేడా మొత్తం మూడు మీటర్లు కూడా లేదు. బాణం పూర్తిగా తిరగబడిపోగలదు. గొట్టంలో నీళ్లు పోసి కొలిచిన ఎనిమిదో తరగతి పిల్లల లెక్కే ఫోను కంటే నమ్మదగింది.

ఊరికి తూర్పునున్న పాత బావిలో మట్టం 96.8. ఊరి మధ్య వీధిలో వాడకం లేని బావిలో 95.6. మంచినీళ్ల బోరులో 94.8. పడమటి తోటలోని బావిలో 94.1. నీళ్లు తూర్పు నుంచి ఊరి కిందుగా బోరుకు వచ్చి, అక్కణ్నుంచి తోటల వైపు పోతున్నాయి. తోటలు బోరుకు దిగువన ఉన్నాయి.

ఇక్కడ తొందరపడి తోటల మీద నింద కొట్టేయడమూ తప్పే. మోటారు నడుస్తున్నంతసేపూ బోరు చుట్టూ నీటి మట్టం గరాటులా లోపలికి దిగుతుంది. ఆ గరాటు అంచు తోటల దాకా చేరితే దిగువనున్న నీళ్లూ కొంత వెనక్కి రాగలవు. బాణం ఒక్కటే చాలదు, నీళ్ల రుచినీ చూడాలి, అంటే పరీక్ష చేయాలి. నమూనాలు తీయకముందు మా బృందంలో అందరినీ ఏ బావిలో నైట్రేట్ ఎక్కువ ఉంటుందో వరుసగా రాయమన్నాను. మూలం తోటల్లో ఉంటే తోట బావి మొదటి స్థానంలో రావాలి, బోరు రెండో స్థానంలో. మూలం ఊళ్లో ఉంటే వీధి బావి మొదట రావాలి, తూర్పు బావి శుభ్రంగా ఉండాలి.

ఫలితాలు వచ్చాయి. తూర్పు బావిలో నైట్రేట్ 18. వీధి బావిలో 130. బోరులో 110. తోట బావిలో 60. దాంతోపాటు క్లోరైడ్ కూడా చూశాం, అదే వరుసలో 45, 210, 190, 95. యూరియాలో క్లోరైడ్ ఉండదు. మనుషుల మూత్రంలో, వంటింటి మురుగులో ఉప్పు ఉంటుంది కాబట్టి మరుగు నీళ్లు కలిసినచోట నైట్రేటూ క్లోరైడూ జంటగా పెరుగుతాయి. పొటాష్ ఎరువు వాడే తోటల్లో క్లోరైడ్ వచ్చే అవకాశం ఉంది గనక ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పలేం. ఇక్కడ మాత్రం మట్టాలు, నైట్రేటు, క్లోరైడు మూడూ ఒకే వైపు చూపాయి. ఊళ్లో కొన్నేళ్ల కిందట కట్టిన మరుగుదొడ్ల గుంతలు, వీధి చివర ఇంకుతున్న మురుగు గుంత. గుంతలను వానాకాలంలో నీటి మట్టం వచ్చే లోతు దాకా తవ్వేశారు. అడుగుకూ నీళ్లకూ మధ్య మట్టి పొర మిగల్లేదు. ఆ పొరే ఉంటే అందులోని సూక్ష్మజీవులు రోగక్రిములను చాలావరకు అడ్డుకుంటాయి. నైట్రేట్‌ను పూర్తిగా ఆపలేకపోయినా, నీళ్లలోకి మురుగు నేరుగా కలవడం తప్పేది.

ఊరివాళ్లు అడిగిన తర్వాతి ప్రశ్న చాలా సరైంది. గుంతలు బాగుచేస్తే నీళ్లు ఎప్పటికి బాగుపడతాయి? డార్సీ లెక్క ఇక్కడ పనికొచ్చింది. వీధి నుంచి బోరుకు 250 మీటర్లు అనుకుంటే, మట్టం ప్రతి వంద మీటర్లకూ ముప్పై రెండు సెంటీమీటర్లు దిగుతున్నట్టు. అలాంటి పండిన గ్రానైటు మట్టిలో, నీళ్లు నడవగల ఖాళీలు నూటికి రెండు పాళ్లు మాత్రమే ఉంటే, నీళ్లు రోజుకు నలభై సెంటీమీటర్లు నడుస్తాయి. వీధి కింద ఇవాళ చేరిన మురుగు బోరు చేరడానికి ఇరవై నెలలు. మూలం ఆపేసినా ఇప్పటికే దారిలో ఉన్నది వస్తూనే ఉంటుంది. రాతి పగుళ్లలో పడితే ఇంతకంటే ఎన్నో రెట్లు వేగంగా రావచ్చు, అందుకని ఈ అంకెను ఒక అంచనాగానే చెప్పాం. ఊరు దానికోసం ఎదురుచూడలేదు. తూర్పున, ఊరికి ఎగువన కొత్త బోరు వేసి తాగునీళ్లను అటు మార్చారు. పాత బోరును గిన్నెలు తోమడానికీ పశువులను కడగడానికీ ఉంచారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మూడు బావులతో దిక్కు కనుక్కోవడంలో మనం ఒకటి ఒప్పుకుంటున్నాం, అది వాటి మధ్య నీటి మట్టం ఒక వాలు పలకలా ఉందని. మన రాయలసీమ, తెలంగాణ గట్టి రాతి నేలల్లో అది అన్నిచోట్లా నిజం కాదు. పైన పది ఇరవై మీటర్ల మేర పొడిబారి మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్లున్న రాయి ఉంటాయి. పాత బావుల్లో నీళ్లు పైపొరవి. లోతైన బోర్లలో నీళ్లు కింది పగుళ్లవి. ఒక బావినీ ఒక బోరునూ కలిపి గీత గీస్తే అది ఏ నీళ్ల గీతా కాదు. అనంతపురం ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. గ్రానైటును చీల్చుకుంటూ డోలరైటు అనే నల్లరాయి గోడలు భూమిలో బారులు తీరి ఉంటాయి. పైన కొన్నిచోట్ల నల్ల గుండ్ల వరుసలా కనిపిస్తాయి. కొన్ని గోడలు నీళ్లకు కట్టలా అడ్డుపడతాయి. అటువైపు మట్టం ఒకలా, ఇటువైపు మీటర్ల తేడాతో మరోలా ఉంటుంది. అలాంటి గోడ రెండు బావుల మధ్య ఉందో లేదో తెలిసేదెలా? నాలుగో బావిని కొలిచి. ముందు చెప్పిన అంకెకూ కొలతకూ పొంతన లేకపోతే, మోటారు కారణం కూడా కాకపోతే, నేలను నడిచి చూడాలి. ఎన్నోసార్లు ఆ నల్ల గుండ్ల వరుస చేలగట్ల మధ్యలో అలా దొరికింది.

2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే తమ బావుల మట్టాలను పదిహేను రోజులకొకసారి కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. అంకెలు ఊరి గోడల మీద రాసుకుని, రబీకి ఎన్ని నీళ్లున్నాయో లెక్క చూసుకుని ఏ పంట పెట్టాలో మాట్లాడుకునేవారు. అక్షరం రాని ఆడవాళ్లు కూడా బజరు టేపు దింపి అంకె చదవడం నేర్చుకున్నారు. అది చూసినప్పుడు మా సారు ఇక్కడ ఉండి ఉంటే అనుకున్నాను.

ఇవాళ ఏ బడిలోనైనా ఈ పాఠం చెప్పదలుచుకున్న ఉపాధ్యాయులకు ఒక్క మార్పు చెప్తాను. మా ఊళ్లోనూ పాత బావులు చాలావరకు ఎండిపోయాయి, కొన్ని పూడిపోయాయి. దిగుడు గోడలు కూలే స్థితిలో ఉన్న బావుల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లకూడదు. మోటారు తీసేసిన బోర్లు ఊరికి నాలుగైదు దొరుకుతాయి. వాటిలో ఇంచుమించు ఒకే లోతున్న వాటిని మూడు ఎంచుకోవాలి. వేసినవాళ్లను అడిగితే ఎంత లోతు వేశారో చెప్తారు. చుట్టుపక్కల మోటార్లు రాత్రి నుంచి ఆగి ఉన్న రోజు పొద్దున్నే కొలవాలి. కొలత కాగానే బోరు నోరు మూత గట్టిగా బిగించి రావాలి. ఒకసారి మేలో, వానలకు ముందు, మరోసారి నవంబరులో కొలిస్తే ఆ ఏడాది వాన ఎన్ని మీటర్లు మట్టం పెంచిందో కూడా పిల్లలకే తెలుస్తుంది. నాలుగో బోరులో అంకెను టేపు దింపకముందే పిల్లల చేత రాయించాలి, ఆ కాగితం సారు జేబులో ఉండాలి.